రిజ్, క్యాప్ లాంటి కుర్రకారు మాటలు: అర్థం సరిగ్గా తెలిసి వాడినా పిల్లలు ఎందుకు నవ్వుతారు? అవి అంత త్వరగా ఎందుకు పాతబడతాయి?

ఎడిసన్ అమ్మ

మా పిల్లలిద్దరూ న్యూజెర్సీలో చదువుతున్నారు. పెద్దవాడు పదో తరగతి, చిన్నది ఏడో తరగతి. వాళ్ల మాటలు సగం అర్థంకాక, ఓపిగ్గా అడిగి కొన్నింటికి అర్థాలు తెలుసుకున్నాను. రిజ్ అంటే ఎదుటి మనిషిని, ముఖ్యంగా మనసుపడ్డవారిని, మాటతీరుతో ఆకట్టుకునే నేర్పు. క్యాప్ అంటే అబద్ధం లేదా కోతలు. "నో క్యాప్" అంటే ఒట్టు, నిజమే చెబుతున్నానని.

మొన్న భోజనాల దగ్గర మావారు పెళ్లిచూపుల నాటి కబుర్లు చెబుతుంటే, "మీ నాన్నకు అప్పట్లో బాగానే రిజ్ ఉండేది" అన్నాను. వాక్యంలో తప్పేమీ లేదని మా అబ్బాయే ఒప్పుకున్నాడు. అయినా ఇద్దరూ విరగబడి నవ్వారు. పైగా మా చిన్నది, ఆ మాట ఇప్పుడు ఎవరూ నిజంగా అనరని, అన్నయ్య కూడా వెటకారానికే అంటాడని తేల్చిచెప్పింది. అర్థం సరిగ్గా ఉండి, వాక్యం సరిగ్గా ఉండి కూడా ఒక మాట తప్పు ఎలా అవుతుంది? నిన్నమొన్న పుట్టిన మాట అప్పుడే ఎలా ముసలిదైపోతుంది? భాష గురించి తెలిసినవారు వివరంగా చెబితే సంతోషిస్తాను.

సందేహాల రావు

అమ్మా, దీనికి తెలుగులో మాటలకు కొదవ లేదు. సొగసు, చాతుర్యం, మాటకారితనం అనేవి ఉండనే ఉన్నాయి. అబద్ధాలకైతే కోతలు, డాంబికాలు, సొల్లు అంటూ కావలసినన్ని ఉన్నాయి. పిల్లలకు ఆ మాటలు అలవాటు చేస్తే ఈ రిజ్‌లు, క్యాప్‌లు అవసరమే రావు. మీరు అడిగింది వీటికి సరైన తెలుగు ఏమిటనే కదా?

ఎడిసన్ అమ్మ

కాదండీ రావుగారూ, తెలుగు మాటల కోసం అడగలేదు. నేను వాడినప్పుడు ఏం తేడా కొట్టిందో తెలుసుకోవాలని అడిగాను.

నిఘంటు పురుగు

అమ్మగారి ప్రశ్నలోనే జవాబు సగం ఉంది. ఇలాంటి మాట రెండు సంగతులను మోసుకొస్తుంది. ఒకటి దాని అర్థం, అది జాబితా చూసి ఎవరైనా నేర్చుకోవచ్చు. రెండోది, ఈ మాట అంటున్న నేను ఎవరిని, ఎవరితో తిరుగుతాను, ఏం చూస్తాను, ఎంత తాజాగా ఉన్నాను అనే సమాచారం. మీరు మొదటిదాన్ని సరిగ్గానే చేరవేశారు. రెండోది మాత్రం మీ నోటి నుంచి అబద్ధంగా వినిపించింది, ఎందుకంటే మీరు ఆ గుంపులో లేరన్న సంగతి బల్ల దగ్గర కూర్చున్న అందరికీ తెలుసు. వాళ్లు నవ్వింది ఆ పొసగనితనానికే గాని మీ వాక్యానికి కాదు.

రిజ్ ప్రయాణాన్ని కాస్త దగ్గరగా చూస్తే ఇది స్పష్టమవుతుంది. దీన్ని జనంలోకి తెచ్చినవాడు కై సెనాట్ అనే న్యూయార్క్ యువకుడు. ట్విచ్ అనే వేదికపై ప్రత్యక్ష ప్రసారాలు చేసే అతను తన స్నేహితులతో కలిసి 2021, 2022 ప్రాంతంలో ఈ మాటను విరివిగా వాడాడు. ఆ దశలో రిజ్ అన్న మాట విని నవ్వేవారు ఆ ప్రసారాలు గంటల తరబడి చూసినవారే. కాబట్టి బడిలో ఒకడు ఆ మాట అంటే, ఎదుటివాడికి అర్థమైందంటే, ఇద్దరూ ఒకే చోట కాలక్షేపం చేస్తున్నారని ఏ పరిచయమూ లేకుండానే తేలిపోయేది. తరువాత అది టిక్‌టాక్‌లోకి వెళ్లింది. 2023 జూన్‌లో టామ్ హాలండ్ అనే నటుడు ఒక ముఖాముఖిలో తనకు రిజ్ ఏమీ లేదని చెప్పడంతో సినిమా వార్తలు మాత్రమే చదివేవారికి కూడా మాట చేరింది. ఆ ఏడాది వాడుక ఆ జూన్‌లోనే శిఖరానికి చేరిందని ఆక్స్‌ఫర్డ్ నిఘంటువువారు చెప్పారు. డిసెంబరులో వారు దాన్ని ఆ సంవత్సరపు మాటగా ప్రకటించారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. అది శిఖరానికి చేరింది జూన్‌లో, సన్మానం జరిగింది డిసెంబరులో. సన్మానం నాటికి పత్రికలు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు అందరూ అర్థం నేర్చుకున్నారు. అందరికీ తెలిసిన గుర్తు ఎవరినీ గుర్తుపట్టడానికి పనికిరాదు. అర్థం చెక్కుచెదరలేదు గాని, ఆ మాట ఎందుకు విలువైనదో ఆ రెండో సంగతి ఖాళీ అయిపోయింది.

విశాఖ వీక్షకుడు

ఇంత దూరం వెళ్లనక్కరలేదనుకుంటాను. దీనికంతటికీ కారణం సామాజిక మాధ్యమాలే. వాటి లెక్క ఏమిటంటే, ఏది కొత్తగా ఉంటే దాన్ని కోట్లమందికి చూపించడం, జనం విసుగెత్తగానే ఇంకోటి తేవడం. మా రోజుల్లో కాలేజీ మాటలు దశాబ్దాలు నిలిచేవి. ఫోన్లు వచ్చాకే మాటలకు ఆయుష్షు లేకుండా పోయింది. టిక్‌టాక్ మూసేస్తే మాటలు మళ్లీ నిలబడతాయి.

నిఘంటు పురుగు

వీక్షకుడు గారి మాటలో సగం నిజం ఉంది. వేగం విషయంలో ఆయనతో ఏకీభవిస్తాను. మాటలు వాడిపోవడమే ఫోన్లతో మొదలైందన్నది మాత్రం నిలవదు.

అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో కోనీ ఎబుల్ అనే ఆచార్యురాలు 1972 నుంచి తన విద్యార్థుల చేత వారు వాడే కుర్రకారు మాటలను కార్డుల మీద రాయించి దాచుతూ వచ్చారు. ఏ నిఘంటువూ చూడకుండా, తాము నిజంగా అనేవి, వినేవి మాత్రమే రాయాలి. అలా పోగైన కార్డులను ఆధారం చేసుకుని ఆమె 1996లో ఒక పుస్తకం వెలువరించారు. ఆ కార్డుల్లో కనిపించేది ఇదే: ఎక్కువ మాటలు వస్తాయి, పోతాయి, కొద్ది మాటలే ఏళ్ల తరబడి తిరిగి తిరిగి కనిపిస్తాయి. ఆ కాలంలో చేతిలో ఫోన్లు గాని, సామాజిక మాధ్యమాలు గాని లేవు. అయితే కాలేజీలో ఒక తరం నాలుగేళ్లకు మారిపోతుంది, కొత్తగా వచ్చినవారు పాతవారి మాటలన్నీ యథాతథంగా తీసుకోరు. అంటే వాడిపోవడానికి యంత్రం అక్కరలేదు, మనుషులు మారితే చాలు.

ఇంకా వెనక్కు వెళితే, 1710లో జొనాథన్ స్విఫ్ట్ అనే రచయిత ఒక లండన్ పత్రికలో కుర్రకారు మాటలను ముక్కలు చేసి పలుకుతున్నారని తిట్టిపోశాడు. ఆయన ఎత్తిచూపిన వాటిలో ముఖానికి "ఫిజ్", తప్పకుండా అనడానికి "పాజ్", అల్లరి మూకకు "మాబ్" ఉన్నాయి. వినడానికి ఫిజ్ మన రిజ్‌కు తోబుట్టువులా లేదూ? పాజ్ పేరు కూడా ఈనాడు ఎవరికీ తెలియదు. ఫిజ్ చాలాకాలం ఈడ్చుకొచ్చి మూలన పడింది. మాబ్ మాత్రం ఈనాడు పార్లమెంటులో కూడా నిస్సంకోచంగా వాడే మాట. ఒకే పెద్దాయన ఒకే తిట్టులో కలిపి తిట్టిన మూడు మాటల గతి మూడు విధాలైంది.

ఫోన్లు మార్చింది ఒకటి ఉంది. ఇదివరకు ఒక పేటలో పుట్టిన మాట పక్క ఊరికి వెళ్లడానికి పాటల ద్వారానో, వలసల ద్వారానో ఏళ్లు పట్టేది, ఆ ఏళ్లన్నీ ఆ పేటవారి గుర్తుగా అది నిలిచి ఉండేది. ఇప్పుడు పుట్టిన వారంలోనే బయటివారి చెవిన పడుతుంది, నెలలోపు ఎవరో దానికి అర్థం చెప్పే వీడియో పెడతారు. గుర్తుగా పనిచేసే కాలం తగ్గింది, అంతే.

అట్లాంటా శీను

నేను అట్లాంటాలో చాలాకాలంగా ఉంటున్నాను. మీరంతా "పుట్టింది, చచ్చింది" అంటున్నారు గాని, ఎక్కడ పుట్టింది, ఎవరి దగ్గర చచ్చింది అని ఎవరూ అడగడం లేదు. నేను జుట్టు కత్తిరించుకునే దుకాణం నల్లజాతివారిది. అక్కడ యాభై ఏళ్లు దాటిన పెద్దమనిషి ఒకాయన ఫుట్‌బాల్ గురించి గొప్పలు చెప్పడం మొదలుపెడితే, పక్క కుర్చీలో గడ్డం గీయించుకుంటున్నాయన కళ్లు కూడా తెరవకుండా "క్యాప్" అంటాడు. ఎవరూ నవ్వరు. అది అక్కడ కుర్రకారు మాట కాదు, మామూలు మాట.

ఈ క్యాప్ అనేది నల్లజాతి అమెరికన్ల ఇంగ్లీషు నుంచి, ముఖ్యంగా ఈ దక్షిణాది నగరాల ర్యాప్ పాటల నుంచి బయటికి వచ్చింది. 2017లో ఫ్యూచర్, యంగ్ థగ్ అనే ఇద్దరు అట్లాంటా గాయకులు "నో క్యాప్" పేరుతోనే పాట పాడారు. తరువాత తెల్లవారి పిల్లలు, మన పిల్లలు అందుకున్నారు. నీలిరంగు టోపీ బొమ్మ పెట్టి అబద్ధమని సూచించడం మొదలైంది. ఆ తరువాత పత్రికలవారు దీనికి "జెన్ జీ భాష" అని పేరు పెట్టారు. 2021 మే నెలలో అమెరికా టీవీలో ఒక హాస్య కార్యక్రమం ఇలాంటి మాటలన్నిటినీ కుప్పపోసి జెన్ జీ భాష అని చూపిస్తే, అవి మావి, తరం పేరు పెట్టి మా పేరు చెరిపేశారని నల్లజాతివారు చాలామంది తప్పుపట్టారు. కాబట్టి అమ్మగారూ, రిజ్‌ను ఇప్పుడు ఎవరూ అనరని మీ అమ్మాయి చెప్పింది తన బడిలో గుర్తుగా దాని పని అయిపోయిందనే అర్థంలో. ఇక్కడి దుకాణంలో క్యాప్‌కు ఏ జబ్బూ లేదు.

నిఘంటు పురుగు

శీను గారు చెప్పింది నా మొదటి జవాబులో ఉండవలసిన విషయం. ఒక్క చిన్న చేర్పు. నల్లజాతి యువకులు ఒకరినొకరు చమత్కారంగా దెప్పుకునే పోటీలకు పశ్చిమ తీరంలో "క్యాపింగ్" అనే పేరు ఎప్పటినుంచో ఉంది, అరవైలు, డెబ్బైల నాటి భాషా పరిశోధనల్లోనే అది నమోదైంది. ఎదుటివాడి మాటను మించిన మాట వేయడం అనే ఆ అర్థానికీ, ఈనాటి కోతలు అనే అర్థానికీ చుట్టరికం ఉండవచ్చు, అయితే దారి అంత తిన్నగా లేదు. పంటికి వేసే బంగారు తొడుగు నుంచి వచ్చిందన్న కథ అంతర్జాలంలో బాగా తిరుగుతోంది. వినడానికి బాగుంది గనుక తిరుగుతోందనే నా అనుమానం.

ప్రకటనల రాత

నాది హైదరాబాదులో ప్రకటనలు రాసే పని, కాబట్టి మాటలు చంపే వృత్తిలో ఉన్నానని చెప్పుకోవచ్చు. కుర్రకారుకు వస్తువు అమ్మాలనుకునే ప్రతి కంపెనీ మమ్మల్ని అడిగేది ఒకటే: వాళ్ల భాషలో రాయండి. మేము ఒక మాట పట్టుకుంటాం. దానికి మా ఆఫీసులో ఒప్పుదల, కంపెనీలో చిన్న అధికారి ఒప్పుదల, ఆ మాట అర్థం తెలియని పెద్ద అధికారికి వివరణ, న్యాయ విభాగం చూపు, బొమ్మల తయారీ, హోర్డింగు అద్దె తేదీ, ఇవన్నీ అయ్యేసరికి రెండు మూడు నెలలు ఇట్టే గడుస్తాయి. వివరణ ఇవ్వవలసి వచ్చిన రోజునే నాకు తెలిసిపోతుంది, ఈ మాట గోడెక్కే నాటికి ఎవరూ అనరని. అయినా రాస్తాం, జీతం కోసం.

ఇందుకు అమెరికాలో జరిగిన ఒక ఉదంతం మా రంగంలో అందరూ చెప్పుకుంటారు. 2014 జూన్‌లో పీచెస్ మన్రో అనే పేరుతో వీడియోలు పెట్టే షికాగో అమ్మాయి కారులో కూర్చుని తన కనుబొమలు "ఆన్ ఫ్లీక్" ఉన్నాయని మురిసిపోతూ ఆరు సెకన్ల వీడియో ఒకటి వైన్ అనే చిన్న వీడియోల వేదికలో పెట్టింది. అంటే అచ్చుగుద్దినట్టు కుదిరాయని. మాట తారాజువ్వలా పైకి లేచింది. పెద్ద గాయనీగాయకులు అందుకున్నారు. అక్టోబరు నాటికి ఒక పేరున్న అమెరికన్ ఫలహారశాలల సంస్థ తన పాన్‌కేకులు ఆన్ ఫ్లీక్ అని ట్విట్టర్‌లో రాసింది. కనుబొమల నుంచి పాన్‌కేకులకు నాలుగు నెలలు! ఆ తరువాత బట్టల దుకాణాలు, టాకోలు అమ్మేవారు, అందరూ ఎక్కారు. ఇంకో రెండు మూడేళ్లకు ఆ మాట అన్నవారిని చూసి జాలిపడే పరిస్థితి వచ్చింది. మాట పుట్టించిన అమ్మాయికి వీటిలో దేనివల్లా చెప్పుకోదగ్గ డబ్బు రాలేదు. 2017లో తన సొంత సౌందర్య సాధనాల వ్యాపారానికి ఆమె జనం దగ్గర చందాలు అడగవలసి వచ్చింది.

మాటను కంపెనీ వాడితే ఎందుకు చచ్చిపోతుందంటే, అది మనవాళ్లను గుర్తుపట్టడానికి పుట్టింది. అమ్మడానికి వచ్చినవాడు కూడా అదే మాట అంటే ఎవరు మనవాడో, ఎవరు అమ్మకందారో తెలియదు. అప్పుడు మాట మార్చడమే తెలివైన పని.

విశాఖ వీక్షకుడు

అయితే పెద్దలు, కంపెనీలు వాడటం వల్లే చస్తున్నాయని తేలిందన్నమాట. మరి "కూల్" అనే మాట మా నాన్నగారి కాలం నుంచి ఉంది, అన్ని ప్రకటనల్లోనూ ఉంది, పెద్దలందరూ అంటారు. అది చావలేదేం?

ప్రకటనల రాత

అదే నన్ను కూడా వేధించే ప్రశ్న. నిఘంటువుల వారు చెప్పాలి.

బీటెక్ మూడో ఏడు

నేను హైదరాబాదు శివార్లలో ఇంజనీరింగ్ చదువుతున్నాను, వయసు రీత్యా ఈ చర్చలో ముద్దాయిని నేనే అనుకుంటాను. రిజ్ మా దగ్గరికి రీల్స్ ద్వారా వచ్చింది, అమెరికా పిల్లలు విసుగెత్తాక వచ్చింది. ఇక్కడ దాని పని వేరు. రిజ్ అన్నవాడు కుర్రవాడని ఎవరూ అనుకోరు, ఇంగ్లీషు మీడియంలో చదివి, ఇంగ్లీషు యూట్యూబ్ చూసేవాడని అనుకుంటారు. మా హాస్టల్లో వరంగల్ నుంచి, నల్గొండ నుంచి వచ్చిన మిత్రులు ఆ మాట అనరు, తెలియక కాదు, అంటే ఫోజు కొట్టినట్టు ఉంటుందని. అమ్మాయితో తీయగా మాటలు కలుపుతున్నవాడిని చూస్తే "పులిహోర కలుపుతున్నాడు" అనే అంటాం. అది మా అన్నయ్యల కాలం నుంచి ఉంది, మా జూనియర్లు కూడా అంటున్నారు.

అందుచేత నిఘంటు పురుగు గారిని అడుగుతున్నాను. పులిహోర కూడా కుర్రకారు మాటే, సినిమాల్లో అరిగిపోయిందే, పెద్దలకు తెలిసిందే. దానికి లేని తొందర రిజ్‌కు ఎందుకు?

ఎడిసన్ అమ్మ

ఈ ప్రశ్నకు నాది కూడా ఒకటి జోడిస్తాను. ఒక మాట పోబోతోందని ముందే తెలుసుకునే ఉపాయం ఉందా? మా ఇంట్లో "క్యాప్" ఇంకా వినిపిస్తూనే ఉంది, చిన్నది కూడా మామూలుగానే అంటుంది. రిజ్ మాత్రం గొంతు మార్చి అంటారు.

నిఘంటు పురుగు

గొంతు మార్చి అంటారని మీరు గమనించారే, అంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు. మాటను కొటేషన్లలో పెట్టినట్టు, వేరే ఎవరినో అనుకరిస్తున్నట్టు పలకడం మొదటి గుర్తు. రెండోది, దాన్ని ఒంటరిగా కాక సాటి మాటలతో కలిపి దండ గుచ్చడం. 2023 చివరి నుంచి పిల్లలు "స్కిబిడి", "ఒహాయో", "గ్యాట్", "రిజ్" అన్నీ కలిపి అర్థంలేని వాక్యంగా పాడటం మొదలుపెట్టారు. అక్కడ రిజ్‌కు ఆకట్టుకునే నేర్పు అనే అర్థం లేదు, ఇలాంటి మాటలనే వెక్కిరించే మాటల్లో ఒకటిగా మారింది. నిఘంటువులో చేరడం మాత్రం చావుకు గుర్తు కాదు, బతుక్కీ గుర్తు కాదు. నిఘంటువు జనం ఎంత వాడారో రాస్తుంది, ఎంతకాలం వాడతారో జోస్యం చెప్పదు.

ఇక కూల్, పులిహోర ఎందుకు మిగిలాయనేది. కొత్త మాటల బతుకుతెరువుల మీద అలన్ మెట్‌కాఫ్ అనే అమెరికన్ పండితుడు 2002లో ఒక పుస్తకం రాశారు. అందులో ఆయన పట్టించుకున్న వాటిలో నాకు అన్నిటికంటే సరైనదిగా తోచేది ఇది: మాట తన వైపు తాను చూపించుకోకూడదు. విన్నవారు "ఓహో, కొత్త మాట" అని ఆగితే ఆ మాట ఎక్కువకాలం మిగలదు. ఎవరూ ఆగకుండా ముందుకు సాగిపోతే మిగులుతుంది. రిజ్ వినగానే చెవిలో గుచ్చుకుంటుంది, ఇంగ్లీషులో ఆ ఆకారంలో మాటలు అరుదు. సాధారణంగా మాటను కత్తిరిస్తే మొదటి ముక్కను ఉంచుతారు, ల్యాబ్, ఎగ్జామ్ లాగా. రిజ్‌ను కరిజ్మా మధ్యలోంచి తీశారన్నది ఆక్స్‌ఫర్డ్‌వారి అభిప్రాయం, అలాంటివి ఫ్రిజ్, ఫ్లూ వంటివి కొన్నే ఉన్నాయి. ఆ వింత ఆకారమే దాన్ని అంత త్వరగా పాకించింది, ఆ వింతే దాన్ని త్వరగా అరగదీసింది.

క్యాప్ అలా కాదు. అది ఇంగ్లీషులో ముందునుంచీ ఉన్న మామూలు ఆకారమే. పైగా దానికి రోజూ పని ఉంటుంది. ఎవరైనా గొప్పలు చెప్పినప్పుడు, ఆ మనిషితో పోట్లాట పెట్టుకోకుండా, "అబద్ధాలకోరు" అనే బరువైన నింద వేయకుండా, ఒక్క మాటలో ఆపగలిగే సాధనం అది. శీను గారి దుకాణంలో జరిగింది అదే. ఆ పనికి ఇంగ్లీషులో అంత తేలికైన మాటలు తక్కువ. కాబట్టి గుర్తుగా విలువ పోయినా, పనిముట్టుగా విలువ మిగిలింది. రిజ్ ఉన్న చోటు చాలా కిక్కిరిసిన చోటు. మెచ్చుకోలు, వలపు, అందం, తాగుడు, వీటికి ప్రతి తరమూ కుప్పలుగా మాటలు పుట్టిస్తుంది, కొత్తది రాగానే పాతదాన్ని తోసేస్తుంది.

పులిహోర విషయంలో నా ఆలోచన ఏమిటంటే, అది మాట కాదు, ఒక దృశ్యం. కలపడం అనే క్రియ ఉంది, దాన్ని కాలానికి, మనిషికి తగ్గట్టు ఎలాగైనా తిప్పవచ్చు: కలిపాడు, కలపకు, ఎంతసేపు కలుపుతావు. తెలియనివారికి కూడా సగం అర్థమవుతుంది. గుంపు గుర్తుగా కంటే నవ్వుకోసం బతుకుతోంది.

అట్లాంటా శీను

అరుదైన ఆకారం వల్ల పోతుందంటే నేను పూర్తిగా ఒప్పుకోను. ఓకే అన్నది ఎంత వింత మాట! 1839లో బోస్టన్ పత్రికలవారు తప్పుడు స్పెల్లింగులతో పొడి అక్షరాలు కట్టి నవ్వుకునే సరదా ఒకటి నడిచింది. "ఆల్ కరెక్ట్" అనేదాన్ని తప్పుగా రాసి ఓకే అన్నారు. అదే సరదాలో పుట్టిన మిగతావన్నీ పోయాయి. ఓకే మాత్రం మిగిలి, ఈనాడు తెనాలిలో మా అమ్మమ్మ కూడా అంటుంది. పొడి అక్షరాల మాట కంటే చెవిలో గుచ్చుకునేది ఏముంటుంది?

నిఘంటు పురుగు

గట్టి అభ్యంతరమే. ఓకేకు ఒక అదృష్టం కలిసొచ్చింది. మరుసటి ఏడాది, 1840లో, అధ్యక్ష ఎన్నికల్లో పోటీచేసిన మార్టిన్ వాన్ బ్యూరెన్ సొంతూరు కిండర్‌హుక్. ఆయన అనుచరులు "ఓల్డ్ కిండర్‌హుక్" అని ఆయనను పిలుచుకుంటూ ఓకే పేరుతో సంఘాలు పెట్టారు. ఆయన ఓడిపోయాడు గాని మాట దేశమంతా తిరిగింది. ఆ తరువాత తంతి కార్యాలయాల్లోకి, కాగితాల మీదికి చేరి, సరే, అందింది, అంగీకరించాను అని చెప్పే ఉద్యోగం సంపాదించుకుంది. పని దొరికాక వింతగా కనిపించడం మానేసింది. మీ మాటను బట్టి నా సూత్రాన్ని కాస్త సవరించుకోవాలి: వింత ఆకారం చంపదు, పని దొరికేలోపు వింత తగ్గకపోతే చంపుతుంది. రిజ్‌కు అలాంటి ఎన్నిక ఏదైనా ఎదురవుతుందో లేదో నేను చెప్పలేను. "రిజ్ అప్" అనే క్రియారూపం మాత్రం ఉంది, అది వెటకారం లేకుండా మిగిలితే వేరే సంగతి.

బీటెక్ మూడో ఏడు

"రిజ్ అప్" మా కాలేజీలో ఎవరూ అనగా నేను వినలేదు. ఇక్కడ నామవాచకంగానే వచ్చింది, అలాగే పోతున్నట్టుంది.

సందేహాల రావు

ఇప్పుడు నాకు ప్రశ్న అర్థమైంది, అందుకే అడుగుతున్నాను. మా మనవడు కాలిఫోర్నియా నుంచి ఫోన్ చేసి ఊరికే "సిక్స్ సెవెన్" అని చేతులు పైకీ కిందికీ ఊపుతాడు. అర్థం ఏమిటంటే ఏమీ లేదంటాడు. మీ లెక్క ప్రకారం మాటకు రెండు సంగతులు ఉండాలి కదా, మరి ఇందులో మొదటిది ఎక్కడ?

నిఘంటు పురుగు

రావుగారూ, ఈ చర్చలో అన్నిటికంటే సూటి ప్రశ్న మీదే. మీ మనవడు నిజమే చెప్పాడు, అందులో మొదటిది లేదు. స్క్రిల్లా అనే ర్యాప్ గాయకుడి పాటలోని ఒక అంకె, ఆరడుగుల ఏడంగుళాల బాస్కెట్‌బాల్ ఆటగాడు లమెలో బాల్ వీడియోలకు తగిలించబడి, 2025లో బడులన్నిటికీ పాకింది. డిక్షనరీ డాట్ కామ్‌వారు దాన్నే ఆ సంవత్సరపు మాటగా ఎంచుకున్నారు. అర్థమనే భాగాన్ని పూర్తిగా తీసేసి, గుంపు గుర్తును ఒక్కదాన్నే మిగిల్చితే ఎలా ఉంటుందో అది అలా ఉంది. పెద్దలు "అంటే ఏమిటి" అని అడగడమే పిల్లలకు అందులోని ఆట. క్యాప్‌కు ఉన్న పని దీనికి లేదు, కాబట్టి పట్టుకుని నిలబడటానికి దానికి ఆధారమేమీ లేదు.

ఎడిసన్ అమ్మ

మా చిన్నదాని టీచరు లెక్కల తరగతిలో అరవై ఏడో పేజీ తీయమనడానికి భయపడి, అరవై ఆరు తరువాతి పేజీ తీయమంటున్నారట. ఆ టీచరే ఒకరోజు తానే ముందు చేతులు ఊపి "సిక్స్ సెవెన్" అంటే తరగతి మొత్తం మూలిగిందని, ఆ తరువాత వారం రోజులు ఎవరూ అనలేదని కూడా చెప్పింది.

ప్రకటనల రాత

ఆ టీచరు గారు మా రంగంలోకి వస్తే హోర్డింగు ఖర్చు మిగులుతుంది.